ఐరన్ మాత్ర మానకుండానే మలబద్ధకం నుంచి బయటపడాలంటే

నాలుగో నెల రాగానే గర్భిణి చేతికి ఎర్రటి ఐరన్ మాత్రలు వస్తాయి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు అయ్యాక ఇంకో 180 రోజులు. మొదటి వారం అందరూ శ్రద్ధగానే వేసుకుంటారు. రెండో వారం వచ్చేసరికి మోషన్ గట్టిపడుతుంది, రెండు మూడు రోజులకోసారి గానీ అవదు, అయినా ముక్కి ముక్కి అలసిపోవాలి. ఇక మాత్రల స్ట్రిప్పు బీరువాలోకి వెళ్ళిపోతుంది. నెలవారీ పరీక్షలో "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే "వేసుకుంటున్నా మేడం" అనే జవాబు వస్తుంది. మానేసిన సంగతి చెప్పడానికి భయం, మానేసిన కారణం చెప్పడానికి సిగ్గు.

ఈ మౌనం ఖరీదు చాలా ఎక్కువ. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే దాదాపు 52 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టే, బరువు తక్కువగా పుట్టే అవకాశమూ పెరుగుతుంది. కాబట్టి గర్భిణికి మలబద్ధకం చిన్న ఇబ్బందే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. చాలా ఇళ్ళలో ఐరన్ మాత్ర ఆగిపోయేది దానివల్లే. దాన్ని బిడ్డకు హాని లేకుండా తగ్గించుకునే దారులు ఉన్నాయి. వాటిలో చాలా భాగం వంటింట్లోనే ఉన్నాయి.

ముందు పేగులో ఏం జరుగుతోందో చూద్దాం. గర్భం నిలవగానే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. గర్భసంచి కండరాన్ని వదులుగా ఉంచి, అది ముందే ముడుచుకోకుండా చూడటం దాని పని. అయితే పేగు గోడలోనూ అదే జాతి కండరం ఉంటుంది. హార్మోనుకు ఆ రెండిటి మధ్య తేడా తెలియదు. పేగు కూడా వదులై, లోపలి పదార్థాన్ని నెమ్మదిగా ముందుకు నెడుతుంది. పెద్దపేగు పని నీటిని వెనక్కి పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఆగితే అంత నీరు పోతుంది. గర్భిణి శరీరం నీటినీ ఉప్పునూ నిలవ ఉంచుకునే తీరులో ఉంటుంది కనుక ఈ పీల్చుకోవడం ఇంకాస్త పెరుగుతుంది. అలా మలం ఎండలో ఆరిన మట్టి ముద్దలా గట్టిపడుతుంది.

దీనికి తోడు మొదటి మూడు నెలల్లో వేవిళ్ళు. తిన్నది నిలవదు, నీళ్ళు వాసన చూసినా తిప్పుతుంది. వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ లాంటి మాత్రలు కూడా మోషన్‌ను గట్టిపరుస్తాయి. ఏడో నెల దాటాక పెరిగిన గర్భసంచి కింది పేగు మీద బరువు వేస్తుంది. మధ్యలో, నాలుగో నెల నుంచి, ఐరనూ కాల్షియమూ చేరతాయి. మాత్రలోని ఇనుములో రక్తంలోకి చేరేది కొద్ది భాగమే, మిగిలినది పేగుల్లోంచి బయటికి పోవాల్సిందే. ఐరన్ వేసుకునేవారికి మలం నల్లగా వచ్చేది అందుకే. ఆ నలుపు చూసి భయపడక్కర్లేదు. కానీ తారులా జిగటగా, బాగా దుర్వాసనతో, కడుపునొప్పితో వస్తే అది ఐరన్ వల్ల అనుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

రోజూ మోషన్ కాకపోతే మలబద్ధకమేనా? కాదు. కొందరికి రోజు విడిచి రోజు అవడం అలవాటు. మెత్తగా, తేలిగ్గా అయితే దానికి మందు అక్కర్లేదు. వారానికి మూడుసార్ల కంటే తక్కువగా అవుతున్నా, మేకపెంటికల్లా ఉండలు ఉండలుగా వస్తున్నా, చాలాసార్లు ముక్కాల్సి వస్తున్నా, అయ్యాక కూడా లోపల ఇంకా మిగిలినట్టు అనిపిస్తున్నా మలబద్ధకం అంటారు. ముక్కితే బిడ్డ జారిపోతుందేమో అని చాలామంది హడలిపోతారు. ఆరోగ్యంగా సాగుతున్న గర్భం మోషన్‌కు ముక్కడం వల్ల పోదు. ముక్కడం వల్ల వచ్చే కష్టం తల్లికే. మొలలు ఉబ్బుతాయి, మలద్వారం దగ్గర చర్మం చీలుతుంది, ఆ నొప్పికి భయపడి మోషన్‌ను ఆపుకుంటారు, ఆపుకున్నది ఇంకా గట్టిపడుతుంది. మాయ కిందికి ఉందని చెప్పినవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు మాత్రం మోషన్ గట్టిపడిన మొదటి రోజుల్లోనే తమ డాక్టర్‌కు చెప్పి మందు అడగడం మంచిది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. మన పట్టణాల్లో, ఊళ్ళలో ఎక్కడైనా కనిపించే గర్భిణి. ఐదో నెల నిండింది. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ, కాఫీ. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, కొంచెం ఆలుగడ్డ వేపుడు, పెరుగు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. టీతోపాటే ఐరన్ మాత్ర, ఎందుకంటే అప్పుడైతే మరిచిపోదు. రాత్రి మళ్ళీ అన్నం, మధ్యాహ్నం మిగిలిన కూర, మజ్జిగ. పడుకునేముందు కాల్షియం మాత్ర. నీళ్ళు రోజంతా కలిపి నాలుగైదు గ్లాసులు, ఎక్కువ తాగితే ఊరికే బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని. మోషన్ మూడు రోజులకోసారి.

ఆమె తింటున్నది తక్కువేమీ కాదు, కడుపు నిండుతోంది. లోటు పీచులో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన ఆహార పదార్థాల్లో ఏది ఎంత ఉందో కొలిచి పట్టికలు అచ్చువేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. అదే 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11 గ్రాములు, పొట్టు పెసల్లో 17 గ్రాముల దాకా, జామపండులో 8 గ్రాములకు పైనే ఉంటుంది. ఈ ఆమె రోజుకు పావుకిలో బియ్యం వండుకు తిన్నా దాన్నుంచి వచ్చే పీచు 7 గ్రాములే. ఇడ్లీ, పప్పు, ఆ కాస్త కూర కలిపినా రోజు మొత్తానికి 15 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. గర్భిణికి కావాల్సింది కనీసం 25 నుంచి 30 గ్రాములు.

ఈ లోటు పూడ్చడానికి ఆమె ఇల్లంతా తిరగేసి వంట మార్చక్కర్లేదు. పదకొండు గంటలప్పుడు ఒక మంచి సైజు జామకాయ తింటే సుమారు 9, 10 గ్రాములు వస్తాయి. గింజలతో సహా తినాలి, రసం తీసి వడకడితే పీచంతా చెత్తబుట్టలోకి పోతుంది. సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు పెసలు నానబెట్టి ఉడికించి, ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుంటే ఇంకో 5 గ్రాములు. గర్భంలో పచ్చి మొలకలు వద్దు, వాటిలో సూక్ష్మక్రిములు పెరిగే వీలుంది, ఉడికించినవే తినాలి. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పుతో. రొట్టె వల్ల 5, 6 గ్రాములు పెరుగుతుంది, ఆకుకూర వల్ల ఇంకొంచెం. మొత్తం 30 దాటింది. కొత్తగా కొన్నది ఒక్క జామకాయే. గోరుచిక్కుడు, బెండ, చిక్కుడు, మునక్కాయ, అరటిదవ్వ, కంది ఉడికించిన గింజలు, ఏది దొరికితే అది కూరగా వండుకోవచ్చు. మునక్కాయను నమిలి పిప్పి ఊసేస్తే పీచు పోతుంది కదా అని అడగవచ్చు. నిజమే, ఆ మేరకు తగ్గుతుంది. మునగాకైతే ఆ ఇబ్బంది లేదు.

ఇదంతా ఒకేరోజు మొదలుపెట్టకూడదు. పీచు హఠాత్తుగా రెట్టింపైతే కడుపుబ్బరం, గ్యాసు పట్టుకుంటాయి. అప్పటికే గర్భం పైకి తన్నుతూ ఉంటుంది. మొదటి నాలుగు రోజులు జామకాయ ఒక్కటే, తర్వాత పెసలు, ఆ తర్వాత రొట్టె. రెండు వారాల్లో అలవాటవుతుంది. పీచుతోపాటు నీళ్ళు పెరగకపోతే మొత్తం వ్యవహారం తిరగబడుతుంది. పీచు నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా, బరువుగా ఉంచుతుంది. పట్టుకోవడానికి నీరే లేకపోతే అడ్డం పడుతుంది. ఎనిమిది నుంచి పది గ్లాసులు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ. పల్చటి మజ్జిగ, రాగి జావ, చారు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వేవిళ్ళతో ఒక్కసారిగా తాగలేనివారు రెండు గుక్కల చొప్పున రోజంతా తాగాలి. గర్భంలో షుగర్ వచ్చినవారు జామకాయ, పెసలు మానుకోనక్కర్లేదు. పండు పరిమాణం, జావలో బెల్లం, రొట్టెల సంఖ్య మాత్రం డాక్టర్‌ను అడిగి చూసుకోవాలి.

బొప్పాయి మాటేమిటి అనే ప్రశ్న మన ఇళ్ళలో తప్పక వస్తుంది. పచ్చి బొప్పాయి, సగం పండిన బొప్పాయి వద్దు, వాటి పాలలో గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది. పూర్తిగా పండిన బొప్పాయి నాలుగు ముక్కలు తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. అయినా అత్తగారికీ అమ్మకూ మనసొప్పకపోతే దానికోసం ఇంట్లో గొడవ పడక్కర్లేదు, జామ ఉంది, అరటిపండు ఉంది, నానబెట్టిన ఎండుద్రాక్ష ఉంది.

తిండి తర్వాత సమయం. కడుపులోకి తిండి చేరగానే పెద్దపేగు ఒకసారి బలంగా కదులుతుంది. ఇది పొద్దున టిఫిన్ తర్వాత అరగంట లోపు బాగా తెలుస్తుంది. కానీ ఆ సమయంలోనే ఇంట్లో అందరికీ క్యారేజీలు కట్టాలి, పెద్దపిల్లను బడికి తయారుచేయాలి. "తర్వాత వెళ్దాంలే" అనుకుంటారు. వచ్చిన కోరికను ఆపుకుంటే అది వెళ్ళిపోతుంది, మలం వెనక్కి చేరి ఇంకొంత నీరు పోగొట్టుకుంటుంది. పొలం పనికి, షాపుల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు సరైన మరుగుదొడ్డి లేక రోజంతా ఆపుకోవడం మరీ ఘోరం. గర్భిణికి పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు ఎవరూ పిలవకుండా వదిలేయడం ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయం. ఈ మాట ముఖ్యంగా భర్తలకు చెబుతున్నాను.

కూర్చునే తీరు కూడా తేడా తెస్తుంది. గొంతుక్కూర్చున్నప్పుడు పేగు చివరి వంపు తిన్నగా అవుతుంది, మలం తేలిగ్గా దిగుతుంది. కానీ ఏడు, ఎనిమిది నెలల పొట్టతో ఇండియన్ లెట్రిన్‌లో కూర్చుని లేవడం కష్టం, తూలి పడే ప్రమాదం ఉంది. పట్టుకోవడానికి గోడకు ఒక గట్టి రాడ్డు బిగిస్తే మంచిది. కమోడ్ వాడేవారు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని, మోకాళ్ళు తుంటి కంటే పైకి వచ్చేలా కూర్చుని, మోచేతులు తొడల మీద ఆనించి కాస్త ముందుకు వంగాలి. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు. నోరు తెరిచి నెమ్మదిగా గాలి వదులుతూ పొట్టను వదులు చేయాలి. పది నిమిషాల్లో అవకపోతే లేచి వచ్చేయాలి. అక్కడే ఫోన్ చూస్తూ కూర్చుంటే మొలలకు ఆహ్వానం పలికినట్టే. డాక్టర్ విశ్రాంతి చెప్పని గర్భిణి రోజూ అరగంట నడిస్తే పేగు కదలికకు ఊతం దొరుకుతుంది.

ఇక అసలు ముడి, మాత్రల వేళలు. మన ఉదాహరణలోని గర్భిణి టీతో ఐరన్ వేసుకుంటోంది. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. పాలు, పెరుగు, కాల్షియం మాత్ర కూడా దాని దారికి అడ్డం వస్తాయి. అంటే మలబద్ధకం మాత్రం పూర్తిగా వచ్చింది, లాభం మాత్రం సగం కూడా రాలేదు. తర్వాత ఏం జరుగుతుందో చూడండి. ఆరో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.8. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత. మాత్రలు వేసుకున్నా పెరగలేదనుకుని డాక్టర్ రోజుకు రెండు మాత్రలు రాస్తారు, చికిత్స నియమం అదే. ఇప్పుడు పేగులో మిగిలే ఇనుము రెట్టింపు. మోషన్ ఐదు రోజులకోసారి. ఆమె ఈసారి రెండు మాత్రలూ మానేస్తుంది. ఎనిమిదో నెలలో హిమోగ్లోబిన్ 8 లోకి దిగుతుంది. ఈ గొలుసు ఒక టీ కప్పు దగ్గర మొదలైంది.

సరైన వేళలు ఇలా ఉంటే మేలు. కాల్షియం మాత్రలు సాధారణంగా రోజుకు రెండు, వాటిని టిఫిన్‌తో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి వేసుకోవాలి. ఐరన్ మాత్ర మధ్యాహ్న భోజనం అయ్యాక గంటకు, నీళ్ళతో గానీ నిమ్మరసం నీళ్ళతో గానీ. ఆ భోజనంలో పెరుగు తక్కువగా ఉంటే ఇంకా మంచిది. టీ, కాఫీ ఐరన్‌కు ముందొక గంట, తర్వాత ఒకటి రెండు గంటలు ముట్టకూడదు. ఐరన్‌కు, కాల్షియానికి మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. అప్పుడు ఒక్క మాత్రతోనే హిమోగ్లోబిన్ పెరిగే అవకాశం ఎక్కువ, రెండో మాత్ర అవసరమే రాకపోవచ్చు.

ఇంత చేసినా మాత్ర పడకపోతే మానేసే ముందు నోరు విప్పి చెప్పాలి. "మేడం, మాత్ర వేసుకుంటే మోషన్ అవట్లేదు, అందుకే ఆపేశాను" అనే ఒక్క మాట చాలు. డాక్టర్ చేతిలో దారులు ఉన్నాయి. వేరే రకం ఇనుప లవణానికి మార్చవచ్చు, మోషన్ మెత్తబడే మందు కలపవచ్చు. మూడో నెల దాటిన గర్భిణికి మాత్రలు అసలే పడకపోయినా, రక్తహీనత ఆలస్యంగా బయటపడినా ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఇనుము ఎక్కిస్తారు. అది పేగును తాకదు కనుక మలబద్ధకమూ ఉండదు. అడగనిదే ఇవేవీ జరగవు. బద్ధకం విడవనివారికి, వాటితోపాటు విపరీతమైన నీరసం, చలి ఉన్నవారికి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి.

తిండి, నీళ్ళు, వేళలు సరిచేసి రెండు వారాలు చూసినా తేడా లేకపోతే మందు వాడటంలో తప్పేమీ లేదు. మందు అంటే బిడ్డకు చేరుతుందేమో అనే భయం సహజం. అందుకే వైద్యులు ముందుగా ఎంచుకునేవి పేగులోంచి రక్తంలోకి వెళ్ళనివి, లేదా చాలా కొద్దిగా వెళ్ళేవి. మొదటిది ఇసబ్‌గోల్ పొట్టు. ఇది గింజ మీది పొట్టే, శరీరంలోకి ఇంకదు. ఒక చెంచాతో మొదలుపెట్టి అవసరమైతే రెండు చెంచాలు, నిండు గ్లాసు నీళ్ళలో కలిపి చిక్కబడకముందే తాగేయాలి, వెనకే ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పడుకోబోయే ముందు తాగకూడదు. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టాలి, లేకపోతే వాటినీ తనలో చుట్టేసుకుంటుంది. ఫలితం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మొదటి రోజే పనిచేయలేదని నాలుగు చెంచాలు వేసుకోవడం, చారెడు నీళ్ళతో మింగడం, ఈ రెండూ దీనితో జరిగే పొరపాట్లు. మలం అప్పటికే రాయిలా కింద అడ్డుపడి ఉంటే ఇసబ్‌గోల్ ముందు మందు కాదు.

తర్వాత లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఇవి నీటిని పేగులోనే పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తాయి. లాక్టులోజ్ పనిచేయడానికి రెండు రోజుల దాకా పడుతుంది, కొందరికి గ్యాసు పెడుతుంది. అందులో కొద్దిగా చక్కెరలు ఉంటాయి కనుక గర్భంలో షుగర్ ఉన్నవారు ఆ సంగతి చెప్పి తీసుకోవాలి. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని నీళ్ళలో కలుపుకు తాగడమే, గ్యాసు బాధ తక్కువ. గర్భిణుల్లో ఈ రెండూ విరివిగా వాడుతున్నవే. మలం కిందికి వచ్చి ఆగిపోయి బయటికి రాకపోతే గ్లిజరిన్ సపోజిటరీ మలద్వారంలో పెట్టుకోవచ్చు, అక్కడికక్కడే పనిచేస్తుంది. బిసాకోడిల్, సెన్నా లాంటివి పేగును పొడిచి కదిలించే రకం. ఇవి బాగా పనిచేస్తాయి గానీ కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ళ విరేచనాలు తెస్తాయి. మిగతావి విఫలమైనప్పుడు డాక్టర్ చెబితే కొద్దిరోజులు వాడేవి ఇవి. నెలలు నిండుతున్నప్పుడు, ఇదివరకు నెలలు నిండకుండా నొప్పులు వచ్చినవారికి సెన్నా ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు.

ఇక్కడే మన ఇళ్ళలోని ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఆముదం. నెలకోసారి ఆముదం పట్టి కడుపు శుభ్రం చేయడం మన పెద్దలకు అలవాటు. గర్భిణికి ఆముదం తాగించకూడదు. పేగును కదిలించే గుణమే గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది, నొప్పులు ముందే మొదలవచ్చు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోతుంది. సునాముఖి ఆకు అంటే సెన్నాయే, పొడి రూపంలో ఎంత మోతాదు లోపలికి వెళ్తోందో తెలియదు, కాబట్టి చూర్ణాలు సొంతంగా వాడటం తగదు. కలబంద నుంచి తీసే ముసాంబ్రం కూడా అంతే. కరక్కాయను గర్భిణికి ఇవ్వవద్దని ఆయుర్వేద గ్రంథాలే చెబుతాయి, త్రిఫలలో కరక్కాయ ఉంటుంది. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే కొన్ని తెల్లటి సిరప్‌లలో లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది. అది కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటికి పట్టకుండా చేస్తుంది. లేబుల్ మీద ఆ పేరుంటే, డాక్టర్ రాయనిదే తెచ్చుకోవద్దు. సబ్బునీళ్ళ ఎనిమా ఇంట్లో చేసుకోవద్దు.

మలబద్ధకం అనుకున్నది వేరొకటి కావడం అన్నిటికంటే భయపెట్టే సంగతి. ఏడో, ఎనిమిదో నెలలో నడుము కింద నొప్పి, కింద ఏదో ఒత్తుతున్నట్టు, మోషన్ వస్తున్నట్టు అనిపించడం నొప్పులు మొదలైన గుర్తు కూడా కావచ్చు. బిడ్డ తల కిందికి దిగి పేగును నొక్కితే తల్లికి అచ్చం మోషన్ వస్తున్నట్టే ఉంటుంది. మరుగుదొడ్డికి వెళ్ళి అక్కడే కాన్పయిన తల్లుల కథలు మన ఊళ్ళలో వినిపిస్తూనే ఉంటాయి. తేడా ఎలా పట్టాలి? చేతిని పొట్ట మీద ఉంచి చూడాలి. నొప్పి వచ్చినప్పుడల్లా పొట్టంతా గట్టిపడి, కాసేపటికి వదులై, మళ్ళీ కొన్ని నిమిషాలకు అలాగే వస్తుంటే అది గర్భసంచి పని. ఉమ్మనీరు కారినా, ఎర్ర చారలతో జిగురు పడినా ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చేయాలి. అలాంటప్పుడు లెట్రిన్‌కు ఒంటరిగా వెళ్ళకూడదు.

కడుపు ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులు అవుతుంటే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఏ విరేచన మందూ వేయకూడదు, నేరుగా ఆసుపత్రికే. జ్వరంతో కుడివైపు కడుపునొప్పి వచ్చినా అంతే. మలంతో రక్తం పడితే చాలాసార్లు కారణం మొలలో, చీలికో అయినా, అది మలద్వారం నుంచా, యోని నుంచా అన్నది తల్లికి తెలియకపోవచ్చు. గర్భంలో రక్తం ఎక్కడి నుంచి కనిపించినా చూపించుకోవాల్సిందే. నాలుగైదు రోజులుగా మోషన్ లేకుండా, చుక్కలు చుక్కలుగా నీళ్ళ విరేచనం కారుతుంటే దాన్ని విరేచనాలు అనుకోకూడదు. లోపల గట్టి మలం అడ్డుపడి దాని పక్కనుంచి కారుతున్నది కావచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

కాన్పుతో ఈ బాధ వెంటనే పోదు. కింద వేసిన కుట్లు విడిపోతాయేమో అన్న భయంతో బాలింత మొదటి రోజుల్లో మోషన్ ఆపుకుంటుంది. పథ్యం పేరుతో ఆకుకూరలు, పండ్లు మాన్పించి, నీళ్ళు తక్కువ పెట్టి, ఉప్పు కారం అన్నం మాత్రమే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సరిగ్గా ఆ సమయంలోనే రెండో విడత 180 ఐరన్ మాత్రలు మొదలవుతాయి, ఒంట్లోంచి నీరు పాల రూపంలో పోతూ ఉంటుంది. బాలింతకు బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు అందించాలి, ఆకుకూర పప్పు పెట్టాలి. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ పాలిచ్చే తల్లి కూడా వాడుకోవచ్చు. మోషన్‌కు కూర్చున్నప్పుడు శుభ్రమైన మెత్తటి గుడ్డను కుట్ల మీద అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది, కుట్లు తెగుతాయన్న భయమూ పోతుంది.